నడుము కొలత, బరువు ఉంటే చాలు: వైఎంసీఏ ఫార్ములాతో బాడీ ఫ్యాట్ లెక్కేసుకోవడం ఎలా

ఒంట్లో కొవ్వు ఎంత శాతం ఉందో చెప్పే పద్ధతులు చాలానే ఉన్నాయి గానీ, ఇంట్లో కూర్చుని చేసుకోగలిగినవాటిలో అన్నిటికంటే తక్కువ సరంజామా అడిగేది వైఎంసీఏ ఫార్ములా. దీనికి రెండే రెండు అంకెలు కావాలి, బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత ఒకటి, ఒంటి బరువు ఇంకోటి. ఎత్తు అడగదు, వయసు అడగదు, మెడ కొలత కూడా అడగదు. ఆడవాళ్ళకి మగవాళ్ళకి తేడా కూడా ఒక్క అంకెలోనే ఉంటుంది.

ఇంత సింపుల్‌గా ఉంది కదా అని చాలామంది ఏదో ఒక నడుము కొలత కొట్టేసి, వచ్చిన అంకె చూసి సంబరపడిపోవడమో బెంబేలెత్తిపోవడమో చేస్తారు. అడిగేది రెండే అంకెలు కాబట్టి అందులో ఒకటి తప్పిందంటే దాన్ని సర్దడానికి మూడోది లేదు, అందుకే లెక్క కంటే ముందు టేపు గురించి కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు నడుము కొలవండి

టైలర్ దగ్గర ఉండే మెత్తటి టేపు చాలు. అయితే పాత గుడ్డ టేపులు వాడగా వాడగా సాగిపోతాయి, కాబట్టి ఒకసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి ముప్పై సెంటీమీటర్లు ముప్పై దగ్గరే ఉన్నాయో లేదో చూసుకోండి. అలాగే ఆ టేపుకి ఒక వైపు ఇంచులు, ఇంకో వైపు సెంటీమీటర్లు ఉంటాయి, చుట్టేటప్పుడు మెలి పడి రెండో వైపు చదివేయడం బాగా జరిగే పొరపాటు.

కొలవాల్సింది బొడ్డు మీదుగా. ప్యాంటు కట్టుకునే చోటు కాదు, నడుములో అన్నిటికంటే సన్నగా ఉన్న చోటూ కాదు, బొడ్డు ఎక్కడుందో అదే లెవెల్లో. ప్యాంటు సైజు అయితే అసలు పనికిరాదు, ఎందుకంటే పొట్ట ఉన్నవాళ్ళు ప్యాంటు పొట్ట కిందకి కడతారు, పైగా ప్యాంటు మీద 34 అని రాసున్నంత మాత్రాన నిజంగా టేపుతో కొలిస్తే 34 ఉండాలని రూలేం లేదు. సైజు నంబరు తీసుకొచ్చి ఫార్ములాలో పెడితే మీ కొవ్వు నాలుగైదు పాయింట్లు ఊరికే కరిగిపోయినట్టు కనపడుతుంది, చూడ్డానికి హాయిగానే ఉంటుంది గానీ దానివల్ల ఒరిగేదేం లేదు.

పొద్దున్నే లేచి బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, తాగకముందు కొలుచుకోండి. బట్ట మీద కాకుండా చర్మం మీదే టేపు పెట్టాలి. నిటారుగా నిలబడి, కాళ్ళు దగ్గరగా పెట్టి, చేతులు వదులుగా ఉంచి, మామూలుగా ఊపిరి వదిలి ఆ వదిలిన చివర్లో అంకె చదవాలి. పొట్ట లోపలికి లాక్కోకూడదు, అలాగని ఉబ్బించి బయటికి తొయ్యకూడదు. టేపు చర్మానికి ఆనుకుని ఉండాలి గానీ చర్మం నొక్కుకుపోయి గీత పడేంత బిగించకూడదు. ఇంకోటి, వెనక వైపు టేపు జారిపోతుంది, ముందు బొడ్డు దగ్గర కరెక్టుగానే ఉంటుంది కానీ వీపు వైపు రెండు వేళ్ళు పైకో కిందకో పోతుంది, అలా ఏటవాలుగా ఉంటే కొలత మారిపోతుంది. అద్దం ముందు పక్కకి తిరిగి చూసుకోండి, లేకపోతే ఇంట్లో ఎవరినైనా వెనక టేపు సరిచెయ్యమనండి.

మూడుసార్లు కొలవండి, ప్రతిసారీ టేపు తీసేసి మళ్ళీ చుట్టండి. మూడూ ఒక సెంటీమీటరు లోపల ఉంటే సగటు తీసుకోండి. అంతకంటే తేడా వస్తే టేపు ఎక్కడో ఏటవాలుగా పోయిందనో ఊపిరి దగ్గర తేడా జరిగిందనో అర్థం, మళ్ళీ మొదలుపెట్టండి. ఒక్క సెంటీమీటరుకి ఇంత రాద్ధాంతమా అనిపిస్తే, ఈ ఫార్ములాలో నడుము ఒక సెంటీమీటరు మారితే కొవ్వు 741 గ్రాములు మారుతుంది, 70 కేజీల మనిషికి అది ఒక పాయింటు పైనే. రెండు సెంటీమీటర్లు టేపు లూజుగా పెడితే రెండు పాయింట్లు ఎక్కువ చూపించినట్టే.

తర్వాత బరువు. అదే పొద్దున, అదే స్థితిలో, వీలైనంత తక్కువ బట్టలతో, స్కేలుని గట్టి నేల మీద పెట్టి చూడండి, కార్పెట్ మీదో పరుపు మీదో కాదు. బరువు దగ్గర అరకేజీ అటూ ఇటూ అయినా పెద్దగా కొంప మునగదు, ఎందుకో కిందకి వచ్చాక తెలుస్తుంది.

ఇప్పుడు లెక్క

ఒరిజినల్ ఫార్ములా పౌండ్లు, ఇంచుల్లో ఉంటుంది. ఎక్కడ చూసినా ఇలాగే కనిపిస్తుంది:

```
మగవాళ్ళు: కొవ్వు % = 100 × (4.15 × నడుము − 0.082 × బరువు − 98.42) ÷ బరువు
ఆడవాళ్ళు: కొవ్వు % = 100 × (4.15 × నడుము − 0.082 × బరువు − 76.76) ÷ బరువు
```

మీ దగ్గర కేజీలు, సెంటీమీటర్లు ఉంటే అటూ ఇటూ మార్చుకునే బాధ లేకుండా దాన్నే ఇలా రాసుకోవచ్చు, ఇది కొత్త ఫార్ములా ఏం కాదు, అదే దాన్ని యూనిట్లు మార్చి రాసింది:

```
మగవాళ్ళు: కొవ్వు (కేజీ) = 0.741 × నడుము − 0.082 × బరువు − 44.64
ఆడవాళ్ళు: కొవ్వు (కేజీ) = 0.741 × నడుము − 0.082 × బరువు − 34.82
కొవ్వు % = 100 × కొవ్వు ÷ బరువు
```

రెండో పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే ముందు కొవ్వు ఎన్ని కేజీలో వస్తుంది, ఆ తర్వాతే శాతం. శాతం ఒక్కటే చూస్తే కొన్నిసార్లు మోసపోతాం, ఆ కథ ముందుంది.

ఒక మగ మనిషిని తీసుకుందాం, బరువు 78 కేజీలు, బొడ్డు దగ్గర నడుము 94 సెంటీమీటర్లు. 94 ని 0.741 తో గుణిస్తే 69.65. 78 ని 0.082 తో గుణిస్తే 6.40. 69.65 లోంచి 6.40 తీసేసి, 44.64 కూడా తీసేస్తే మిగిలేది 18.6 కేజీలు, అదీ కొవ్వు. దాన్ని 78 తో భాగించి వందతో గుణిస్తే 23.9 శాతం. మిగతా 59.4 కేజీలు కొవ్వు కానిది, అంటే కండ, ఎముక, నీళ్ళు, అవయవాలు అన్నీ కలిపి. అనుమానం ఉంటే ఇదే మనిషిని 37 ఇంచులు, 172 పౌండ్లు చేసి పై ఫార్ములాలో పెట్టి చూడండి, 23.9 చుట్టుపక్కలే వస్తుంది.

ఇప్పుడు ఒకావిడ, బరువు 62 కేజీలు, బొడ్డు దగ్గర నడుము 80 సెంటీమీటర్లు. 80 ఇంటూ 0.741 అంటే 59.28, అందులోంచి 62 ఇంటూ 0.082 అంటే 5.08 తీసేస్తే 54.20, ఇంకో 34.82 తీసేస్తే 19.4 కేజీల కొవ్వు. శాతం 31.3.

ఆవిడే బొడ్డు దగ్గర కాకుండా నడుము సన్నగా ఉన్నచోట కొలుచుకుని 75 అని రాసిందనుకోండి. అప్పుడు కొవ్వు 15.7 కేజీలు, శాతం 25.3 వస్తుంది. మనిషి అదే, రోజు అదే, టేపు ఒక బెత్తెడు పైకి జరిగినందుకు ఆరు పాయింట్లు ఎగిరిపోయాయి. ఆడవాళ్ళలో సన్నటి చోటుకీ బొడ్డుకీ తేడా ఎక్కువ ఉంటుంది కాబట్టి ఈ తప్పు వాళ్ళ లెక్కల్లోనే ఎక్కువ కనపడుతుంది. డాక్టర్ దగ్గర కొలిచిన అంకె తెచ్చి పెడదామనుకునేవాళ్ళు కూడా ఒకటి చూసుకోండి, చాలాచోట్ల చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైభాగానికీ సరిగ్గా మధ్యలో కొలుస్తారు, గుండె జబ్బు, షుగర్ రిస్కు చూడ్డానికి అది సరైన చోటే, కానీ ఈ ఫార్ములా కోసం మాత్రం బొడ్డు దగ్గరే మళ్ళీ కొలుచుకోండి.

స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకోవాలంటే A కాలమ్‌లో M లేదా F, B లో కేజీలు, C లో సెంటీమీటర్లు వేసి D లో ఇది పేస్ట్ చెయ్యండి:

```
=ROUND(100*(0.741*C2-0.082*B2-IF(A2="M",44.64,34.82))/B2,1)
```

అంకె వింతగా వస్తే

తప్పు ఎక్కడ జరిగిందో ఈ ఫార్ములాలో వచ్చిన అంకె చూసి చాలావరకు పట్టేయొచ్చు. మన 78 కేజీల మనిషినే తీసుకుంటే, నడుము ఇంచుల్లో 37 అని పెట్టి కేజీల ఫార్ములా వాడితే జవాబు మైనస్‌లో వస్తుంది. నడుము ఇంచుల్లో పెట్టి, బరువు మాత్రం పౌండ్లకి మార్చకుండా 78 అనే పెట్టి పాత ఫార్ములా వాడితే 62 శాతం వస్తుంది, ఇది కొంచెం ప్రమాదకరం, ఎందుకంటే మరీ నమ్మలేని అంకె కాదు కదా, ఎవరైనా నిజమేనేమో అని భయపడే అవకాశం ఉంది. ఇంచులు వెయ్యాల్సిన చోట సెంటీమీటర్లు వేస్తే వంద దాటిపోయి 160 అలా వస్తుంది, అది ఎవరికైనా వెంటనే తెలిసిపోతుంది. ఆడవాళ్ళ ఫార్ములా మగవాళ్ళకి వాడేస్తే ఈ మనిషికి 36.5 వస్తుంది, అంటే పన్నెండు పాయింట్లకి పైగా ఎక్కువ.

యూనిట్లన్నీ సరిగ్గా ఉండి కూడా మగవాళ్ళకి 5 కంటే తక్కువో, ఆడవాళ్ళకి 12 కంటే తక్కువో వస్తే అది మీ ఘనత కాదు, ఫార్ములా చేతులెత్తేసింది అని. ప్రాణం నిలబడటానికి కావాల్సిన కొవ్వే మగవాళ్ళలో దాదాపు 3 శాతం, ఆడవాళ్ళలో 12 శాతం దాకా ఉంటుందని లెక్క. 60 కేజీల సన్నటి కుర్రాడు, నడుము 68 ఉంటే ఈ ఫార్ములా ఒకటిన్నర శాతం కూడా చూపించదు, అలాంటి శరీరంతో మనిషి తిరగలేడు. బాగా సన్నగా ఉన్నవాళ్ళు దీన్ని పక్కన పెట్టేయడం మంచిది.

అసలు ఇది లోపల ఏం నమ్ముతోంది

ఈ భాగం అర్థమైతే మీ అంకెని ఎంతవరకు నమ్మాలో మీకే తెలిసిపోతుంది, అందుకే కొంచెం సాగదీసి చెప్తున్నా.

ఈ లెక్క వెనకాల విల్మోర్, బెంకీ అనే ఇద్దరు 1969లో వేసిన పేపర్ ఉంది. బెంకీ అమెరికా నేవీ డాక్టరు, మనిషిని నీళ్ళలో ముంచి తూచి కొవ్వు ఎంతో కనిపెట్టే పద్ధతి మీద చాలా ముందు నుంచి పనిచేసినవాడు. 1942లోనే ఆయన, వెల్హామ్ కలిసి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళని అలా తూచి, ఎత్తు బరువు చార్టు ప్రకారం ఓవర్‌వెయిట్ అనిపించుకున్నవాళ్ళలో చాలామందికి నిజానికి కొవ్వు తక్కువే, బరువంతా కండేనని చూపించారు. 1969 పేపర్లో చేసిందేంటంటే, కుర్రాళ్ళని నీళ్ళలో తూచి కొవ్వు కానిది ఎన్ని కేజీలో కనిపెట్టి, అదే అంకె టేపుతో కొలిచిన కొలతల్లోంచి రాబట్టే సమీకరణాలు తయారుచేశారు. అందులో బరువు, పొట్ట చుట్టుకొలత మాత్రమే వాడే సమీకరణం ఇలా ఉంటుంది, కొవ్వు కానిది పౌండ్లలో ఎంతంటే 98.42 కి, బరువుని 1.082 తో గుణించి కలిపి, నడుముని 4.15 తో గుణించి తీసెయ్యాలి. మొత్తం బరువులోంచి దీన్ని తీసేస్తే మిగిలేది కొవ్వు, అదే మనం పైన వాడిన ఫార్ములా. 0.082 అనే విచిత్రమైన అంకె ఎక్కడ్నుంచి వచ్చిందా అనుకునేవాళ్ళకి జవాబు ఇదే, 1.082 లోంచి ఒకటి తీసేస్తే మిగిలింది.

దీనర్థం ఒకసారి ఆలోచించండి. నడుము మారకుండా మీ బరువు ఒక కేజీ పెరిగితే, ఆ కేజీ మొత్తం కండే అని ఈ ఫార్ములా అనుకుంటుంది, అదీ చాలక ఉన్న కొవ్వులోంచి ఇంకో 82 గ్రాములు తీసి కండ ఖాతాలో వేస్తుంది. ఒక్క మాటలో, నడుము దగ్గర ఉన్నదే కొవ్వు, మిగతా చోట్ల ఉన్న బరువంతా కండ, ఎముక, ఇది దాని నమ్మకం.

కుర్రాళ్ళ విషయంలో, ముఖ్యంగా వ్యాయామం చేసే మగవాళ్ళ విషయంలో ఈ నమ్మకం చాలావరకు నిజం, ఎందుకంటే మగవాళ్ళకి కొవ్వు ముందు పొట్ట దగ్గరే చేరుతుంది. నడుము 88 ఉన్న ఇద్దరు మగవాళ్ళని తీసుకోండి, ఒకడు 70 కేజీలు, ఇంకోడు జిమ్ములో బాగా కండ పెంచి 95 కేజీలు. మొదటివాడికి 21.2 శాతం, రెండోవాడికి 13.5 శాతం అని చెప్తుంది. బీఎంఐ అయితే రెండోవాణ్ణి లావు కింద తోసేసేది, ఇది తొయ్యలేదు, ఇక్కడ ఫార్ములా దెబ్బకి పాసైంది.

ఇదే పని ఆడవాళ్ళకి చేసి చూద్దాం. నడుము 82 ఉన్న ఇద్దరు, ఒకావిడ 62 కేజీలు, ఇంకొకావిడ 75. మొదటావిడకి 33.6, రెండో ఆవిడకి 26.4. రెండో ఆవిడ బరువులెత్తే మనిషి అయితే సరే. కానీ ఆ అదనపు 13 కేజీల్లో ఎక్కువ భాగం తుంటి దగ్గర, తొడల దగ్గర చేరిన కొవ్వు అయితే? ఫార్ములాకి తుంటి కనపడదు, తొడలు కనపడవు, అదంతా కండ అని రాసేసి మెచ్చుకుంటుంది. చాలామంది ఆడవాళ్ళకి కొవ్వు చేరే తీరే అది, పైన సన్నగా, కింద భారీగా. అలాంటివాళ్ళకి ఈ అంకె ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, కచ్చితంగా. అమెరికా నేవీ ఫార్ములా ఆడవాళ్ళకి తుంటి కొలత, మెడ కొలత, ఎత్తు కూడా అడగడానికి కారణం ఇలాంటిదే, మీ శరీరం ఆ కోవకి చెందినదైతే దానితో కూడా ఒకసారి చూసుకోండి, రెండిటి మధ్య ఐదారు పాయింట్ల తేడా వస్తే ఏదో ఒకటి మీకు సరిపడట్లేదని.

ఆడవాళ్ళ అంకెలో ఇంకో తిరకాసు కూడా ఉంది. మగవాళ్ళ 44.64 కీ ఆడవాళ్ళ 34.82 కీ తేడా 9.82 కేజీలు. అంటే ఒకే నడుము, ఒకే బరువు ఉన్న ఆడమనిషికి మగమనిషి కంటే దాదాపు పది కేజీల కొవ్వు ఎక్కువ ఉంటుందని ఫార్ములా ముందే రాసి పెట్టేసింది. 80 కేజీల ఆవిడకి ఈ పది కేజీలంటే 12 పాయింట్లు, 50 కేజీల ఆవిడకి దాదాపు 20 పాయింట్లు. మనిషి చిన్నదైనా పెద్దదైనా అదే పది కేజీలు. ఎత్తు తక్కువ, ఎముక సన్నం, 46 కేజీల బరువు, 72 నడుము ఉన్న ఆవిడకి ఇది 32 శాతం చూపిస్తుంది, అద్దంలో చూస్తే మనిషి సన్నగానే ఉంటుంది. అలాంటప్పుడు అంకెని పట్టుకుని డైటింగ్ మొదలుపెట్టకండి.

ఇవన్నీ కలుపుకుంటే, ఈ లెక్క సరిపడే శరీరాలకి కూడా మూడు నాలుగు పాయింట్లు అటూ ఇటూ పోవడం మామూలే. 23.9 అని వచ్చిందంటే ఇరవైకీ ఇరవై ఎనిమిదికీ మధ్య ఎక్కడో అని చదువుకోండి, ఆ పాయింట్ తొమ్మిదికి పెద్ద విలువ లేదు. ఏ బ్రాకెట్‌లో ఉన్నారో చూసుకోవాలంటే అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ వాళ్ళ చార్టు బాగా వాడుకలో ఉంది, అందులో మగవాళ్ళకి 18 నుంచి 24, ఆడవాళ్ళకి 25 నుంచి 31 సగటు కిందకి వస్తుంది, మగవాళ్ళకి 25, ఆడవాళ్ళకి 32 దాటితే ఊబకాయం కింద లెక్క. మన 78 కేజీల మనిషి ఆ గీత పక్కనే ఉన్నాడు, ఏ వైపు ఉన్నాడో ఈ ఫార్ములా చెప్పలేదు.

మళ్ళీ మళ్ళీ కొలిచి పోల్చుకోవడం

దీని అసలు ఉపయోగం ఇక్కడే. మీ శరీరానికి ఫార్ములా నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంటే వచ్చే నెల కూడా దాదాపు అంతే ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి రెండు అంకెల మధ్య తేడాని ఆ అంకెల కంటే ఎక్కువ నమ్మొచ్చు. షరతు ఒక్కటే, అదే టేపు, అదే చోటు, అదే టైము.

మన మనిషి కొన్ని నెలలు తిండి తగ్గించి, నడిచి, 78 నుంచి 75 కి వచ్చాడు, నడుము 94 నుంచి 90 కి వచ్చింది. లెక్కేస్తే కొవ్వు 18.6 నుంచి 15.9 కేజీలు అయింది, శాతం 23.9 నుంచి 21.2. తగ్గిన మూడు కేజీల్లో 2.7 కొవ్వే అని చెప్తోంది, బాగుంది.

అదే మూడు కేజీలు తగ్గి నడుము మాత్రం ఒక్క సెంటీమీటరే తగ్గి 93 అయిందనుకుందాం. ఇప్పుడు కొవ్వు 18.1 కేజీలు, శాతం 24.2. మూడు కేజీలు తగ్గాక శాతం పెరిగింది! ఇది చూసి చాలామందికి ఒళ్ళు మండిపోతుంది. కానీ కేజీలు చూస్తే కొవ్వు అరకేజీ తగ్గింది, మిగతా రెండున్నర కేజీలూ కండో నీళ్ళో పోయాయని ఫార్ములా అంటోంది. శాతం కంటే కేజీలు చూడమని పైన అన్నది ఇందుకే. ఇతని సైజులో ఉన్నవాళ్ళకి ఒక కేజీ తగ్గినప్పుడు నడుము కనీసం 0.4 సెంటీమీటర్లు తగ్గకపోతే శాతం కిందకి దిగదు, అది ఫార్ములాలో ఉన్న గుణం.

అలా వచ్చినప్పుడు మూడు సంగతులు చూసుకోండి. టేపు ఈసారి లూజుగా పెట్టారేమో, ఒక సెంటీమీటరు తేడా అంటే ముప్పావు కేజీ కొవ్వు అటూ ఇటూ అయిపోతుంది కదా. లేదంటే తిండి బాగా తగ్గించిన మొదటి వారం పది రోజులేమో, అప్పుడు బరువు తగ్గేది ఎక్కువగా నీళ్ళే. లేదా మీకు కొవ్వు తుంటి నుంచి, తొడల నుంచి తగ్గిందేమో, అది దీనికి కనపడదు, ఆడవాళ్ళయితే తుంటి కొలత కూడా పక్కన ఒక కాలమ్‌లో రాసుకుంటే ఈ మూడోది వెంటనే తేలిపోతుంది. ఇవేవీ కాకుండా నెల రెండు నెలలు వరసగా బరువు దిగుతూ నడుము కదలకపోతే అప్పుడు నిజంగానే కండ పోతోందేమో ఆలోచించాలి, ప్రొటీన్ ఎంత తింటున్నారు, బరువులతో చేసే వ్యాయామం ఏమైనా చేస్తున్నారా అని.

రోజూ కొలవకండి. తిన్నది, గ్యాసు, మలబద్ధకం వీటితో నడుము రోజుకి ఒకటి రెండు సెంటీమీటర్లు ఊరికే మారుతుంది, ఆడవాళ్ళకి నెలసరి ముందు రోజుల్లో పొట్ట ఉబ్బి ఇంకా ఎక్కువ మారొచ్చు, ఆ రోజుల్లో కొలిచి పోయిన నెల మధ్యలో కొలిచినదానితో పోలిస్తే లేని కొవ్వు కనపడుతుంది. రెండు వారాలకో నెలకో ఒకసారి చాలు, నెలసరి వచ్చేవాళ్ళు సైకిల్‌లో ఒకే దశలో కొలుచుకోండి.

ఇక దీన్ని అసలు ముట్టుకోకూడనివాళ్ళు కూడా ఉన్నారు. గర్భంతో ఉన్నవాళ్ళు, కాన్పయి పొట్ట ఇంకా సర్దుకోనివాళ్ళు, లివర్ జబ్బుతోనో ఇంకే కారణంతోనో పొట్టలో నీరు చేరినవాళ్ళు, బొడ్డు దగ్గర పెద్ద హెర్నియా ఉన్నవాళ్ళు, వీళ్ళ నడుము కొలతలో ఉన్నది కొవ్వు కాదు కాబట్టి లెక్కకి అర్థం లేదు. కాళ్ళ వాపుతో ఒంట్లో నీరు పట్టినవాళ్ళకి ఉల్టా, ఆ నీటి బరువుని ఇది కండ అనుకుంటుంది. పిల్లలకి కూడా వద్దు. వయసు పైబడినవాళ్ళకి కండ తగ్గి పొట్ట కండరాలు వదులైపోతాయి కాబట్టి కుర్రాళ్ళ మీద కట్టిన ఈ లెక్క వాళ్ళకి అంత కుదరదు.

పొట్ట బాగా జారి బొడ్డు కిందకి దిగిపోయినవాళ్ళకి ఒక సలహా. తగ్గేకొద్దీ బొడ్డు పైకి జరుగుతుంది, దాంతో కొలిచే చోటే మారిపోతుంది, ఇక పోల్చుకోవడం కుదరదు. వాళ్ళు తుంటి ఎముక పైఅంచు వేలితో తడిమి పట్టుకుని, రెండు వైపులా దాని పైనుంచే ఎప్పుడూ టేపు చుట్టుకోవాలి. అలా కొలిస్తే వచ్చే శాతాన్ని పట్టించుకోకుండా, పోయినసారికీ ఈసారికీ కొవ్వు కేజీలు ఎంత మారాయో అదొక్కటే రాసుకుంటే సరిపోతుంది.